ఖత్ ఎప్పుడు చేరిందన్నదే అసలు కథ

"ఖత్‌లతో కథ చెప్పే జమానా పోయింది భాయ్, అందులో వేగముండదు" అని మొన్న ఓ దోస్తు తేల్చేశాడు. నేను ఒప్పుకోను. ఖసూర్ ఖత్‌ది కాదు, రాసేవాడిది.

ఈమధ్య ఓ నౌజవాన్ పంపిన కథ చదివాను. అంతా వాట్సాప్ మెసేజులే. మొదటి మెసేజులోనే చెల్లెలు దుబాయ్‌లో ఉన్న అన్నకు రాస్తుంది: "భాయీజాన్, మన అబ్బా రిటైర్డ్ టీచర్, షుగర్ పేషెంట్ కదా!" ఆ సంగతి అన్నకు తెలీదా? ఆమె అన్నతో కాదు, మనతో మాట్లాడుతోంది. కథ అక్కడే చచ్చిపోయింది.

బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాకులా' చూడండి. అన్నీ డైరీలు, ఖత్‌లు, తార్‌లు, అఖ్బార్ ముక్కలే. లూసీని రాత్రి ఒంటరిగా వదిలితే ఖతరా. సెప్టెంబరు 17న డాక్టర్ సెవార్డ్, ఈ రోజు తనకు పిలుపు రాలేదు కాబట్టి హాయిగా నిద్రపోవచ్చని డైరీలో రాసుకుంటాడు. ఆ వెంటనే మనకు కనబడేది అదే తారీఖున అతని ఉస్తాద్ కొట్టిన తార్: ఈ రాత్రి తప్పకుండా లూసీ ఇంట్లో ఉండు అని. పతాలో జిల్లా పేరు లేక అది ఎక్కడికో పోయి 22 గంటలు లేటుగా చేరింది. ఆ తర్వాతి కాగితాల్లో ఆ రాత్రి లూసీకి ఏమైందో ఉంటుంది. మనకు తెలుసు, సెవార్డ్‌కు తెలీదు. సస్పెన్స్ అంతా ఆ 22 గంటల్లోనే ఉంది.

స్టోకర్ కూడా ఓచోట జారాడు. ప్రాణం మీదికొచ్చిన ఆ రాత్రే లూసీ కూర్చుని అంత వివరంగా రాసిందంటే నమ్మబుద్ధి కాదు. చావుబతుకుల్లో ఉన్న మనిషి రెండు ముక్కలే రాస్తాడు.

ఇప్పుడు మన నౌజవాన్ కథనే మార్చి చూద్దాం. ముందు దవాఖానా బిల్లు పెట్టండి: అబ్బా పేరు, ఐసీయూ, మంగళవారం రాత్రి. తర్వాత బుధవారం అమ్మీ మెసేజ్: "అబ్బా నమాజ్‌కు వెళ్లారు బేటా, బాగున్నారు." కింద కొడుకు జవాబ్: "సరే అమ్మీ, ఇప్పుడు టికెట్ రేటు ఎక్కువుంది, ఈద్‌కే వస్తా." షుగర్ గురించి ఒక్క మాటా లేదు. అయినా చదివేవాళ్లు "ఇప్పుడే బయల్దేరు బాబూ" అని లోలోపల అరుస్తారు. అదే బిల్లును చివర్న పెడితే ఒక్క షాక్ మిగులుతుంది, ఇంతెజార్ ఉండదు.

అందుకే ప్రతి కాగితం పక్కన మూడు సంగతులు రాసుకోండి: ఎప్పుడు రాశారు, ఎప్పుడు చదివారు, అప్పటికి వాళ్లకు తెలియనిదేంటి. మూడోదానికి జవాబ్ లేకపోతే ఆ కాగితం తీసేయండి.

దోస్తూ, బ్లూ టిక్ కోసం రాత్రంతా ఫోన్ పట్టుకు కూర్చునే మనమా ఖత్‌లో వేగం లేదనేది?