అది బక్షీస్ కాదు వదినా!

మా లాల్‌దర్వాజా గల్లీలో పక్కింటి వదిన వచ్చే నెల అమెరికా వెళ్తోంది. డాలస్‌లో కూతురి పురుడు. విమానం ఎక్కడానికి భయపడటం లేదు, చలికీ భయపడటం లేదు. మొన్న డాబా మీద వడియాలు పెడుతుంటే మెల్లగా అడిగింది. "అక్కడ హోటల్‌కు పోతే టిప్పు ఎంతియ్యాలో తెల్వకపోతే అల్లుడి ముందు పరువు పోతదట, నిజమేనా?"

నాకు నవ్వు రాలేదు. నాలుగేళ్ళ కింద అదే ఊళ్ళో నేనే పరువు తీసి వచ్చాను మరి.

తమ్ముడు మమ్మల్ని ఒక హోటల్‌కు తీసుకెళ్ళాడు. తిన్నాక బిల్లు ఫోల్డరులో పన్నెండు డాలర్లు పెట్టి కారు తేవడానికి వెళ్ళాడు. నేను మనసులో రూపాయల్లోకి మార్చుకున్నాను. నీళ్ళు పోసి, ప్లేట్లు తెచ్చినందుకు దాదాపు వెయ్యి రూపాయలా! ఐదుంచి ఏడు వెనక్కి తీసుకున్నాను. ఇంటికొచ్చి గర్వంగా వాడి చేతిలో పెడితే, వాడు మాట్లాడకుండా మళ్ళీ కారు తీసి, వెళ్ళి ఇచ్చొచ్చాడు.

ఆ రాత్రి వాడు చెప్పిన లెక్క ఇది. టెక్సాస్‌లో టిప్పు వచ్చే పనివాళ్ళకు యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చట్టానికి సరిపోతుంది. 1991 నుంచీ అదే అంకె. మామూలు కనీస వేతనం 7 డాలర్ల 25 సెంట్లు కదా, ఆ మిగతాది టిప్పుల్లోంచి రావాలి. రాకపోతే యజమాని పూడ్చాలి. అంటే నేను వెనక్కి తీసుకున్న ఏడు డాలర్లు ఆ పిల్ల జీతంలోవి. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో పూర్తి వేతనం ఇవ్వాల్సిందే అయినా అలవాటు మాత్రం ఇదే.

మన చార్మినార్ దగ్గర ఇరానీ హోటల్‌లో చిల్లర వదిలేస్తాం చూడండి, అది మన సంతోషం. వదలకపోయినా ఎవరూ ఏమనుకోరు. ఆ కొలతతో అక్కడ కొలిచాను, అదే నా తప్పు. జీతం యజమాని ఇవ్వాలి గానీ తినేవాళ్ళ మీద వేయడమేంటని ఇప్పటికీ నాకు కోపమే. ఆ కోపం ప్లేటు తెచ్చిన పిల్ల మీద తీర్చుకోకూడదు, అంతే.

వదినకు కాగితం మీద రాసి చూపించాను. కూర్చోబెట్టి వడ్డించే చోట నూటికి పదిహేను నుంచి ఇరవై. తిన్నది 60 డాలర్లు, పన్ను 4 డాలర్ల 95 సెంట్లు, మొత్తం 64.95. టిప్పు పన్ను కలపని అరవై మీద లెక్కేస్తే చాలు. పద్దెనిమిది చొప్పున 10.80, పదకొండు అనుకుందాం. కార్డు ఇస్తే గీకి, రెండు చీటీలు తెస్తారు. ఒకదాని మీద టిప్ అని ఖాళీ గీత ఉంటుంది. అక్కడ 11, కింద టోటల్ దగ్గర 75.95 రాసి సంతకం పెట్టి ఆ చీటీ వదిలి రావాలి.

గీత నింపేముందు బిల్లు పైనుంచి కిందికి చదవాలి. గ్రాట్యుటీ అనో సర్వీస్ చార్జ్ అనో అప్పటికే వేసి ఉంటే మళ్ళీ టిప్పు రాస్తే రెండుసార్లు ఇచ్చినట్టే. ఆరుగురు, ఎనిమిది మంది కలిసి వెళ్ళినప్పుడు ఇలా వేస్తుంటారు. మన పేరంటం బ్యాచీలు గుర్తుపెట్టుకోవాలి! సర్వీస్ చార్జ్ అని ఉంటే, అది వడ్డించినవాళ్ళకు చేరుతుందా అని అడగొచ్చు. చేరకపోవచ్చు కూడా, అది యజమాని డబ్బు కింద లెక్క.

మన దగ్గర అలా కాదు. హోటల్‌వాళ్ళు సర్వీస్ చార్జ్ తమంతట తాము కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. మన బంజారాహిల్స్‌లో వేసినా తీసేయమనొచ్చు. జపాన్‌లో అయితే టిప్పు ఇచ్చే అలవాటే లేదు. వదిలేసి వస్తే మరచిపోయారేమోనని వెంట పరుగెత్తుకొస్తారు.

"మరి కాఫీ షాపులో స్క్రీన్ తిప్పి చూపిస్తరంట?" అంది వదిన. నిలబడి కొనుక్కుని మనమే మోసుకొచ్చే చోట 'నో టిప్' నొక్కితే తప్పేం లేదు. వెనక క్యూలో ఎవరూ చూడట్లేదనుకోవాలి, నేనైతే ఇంకా చెమటలు పట్టి నొక్కేస్తాను.

ఇక వీల్‌చైర్. తోడు లేకుండా వెళ్ళే మన పెద్దవాళ్ళలో చాలామంది అదే అడుగుతారు. ఆ సేవ ఉచితం, అడిగే హక్కు ఎవరికీ లేదు. కానీ ఇమిగ్రేషన్ దాకా, సామాను దాకా గంటసేపు తోసుకొచ్చిన మనిషి చేతిలో ఐదు డాలర్లు పెడితే బాగుంటుంది. వంద నోటు తీస్తే చిల్లర దొరకదు.

వదిన కొంగు ముడిలోకి ఒక్కటివి పది, ఐదువి నాలుగు నోట్లు కావాలని ఇప్పుడే మా ఆయనకు చెప్పాను. డాలర్లు మార్చేచోట అడిగి తెస్తానన్నారు.