పక్కనున్నంత మాత్రాన పర్యాయపదమా?

మొన్నొక మిత్రుడు కంప్యూటర్‌లో ‘మంచి’ అని కొట్టి, దానికి దగ్గరి పదాల జాబితా చూపించాడు. పైవరసలోనే ‘చెడు’ ఉంది. “చూశావా, దీనికి తెలుగు రాదు” అని నవ్వాడు. పక్కనున్న ఇంకొకాయన “కాదండీ, దీనికి అద్వైతం అర్థమైంది” అన్నాడు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

వర్డ్ ఎంబెడింగ్ అంటే ప్రతి పదానికీ ఒక సంఖ్యల వరస, ఒక వెక్టర్. 2013లో గూగుల్‌లో టోమస్ మికొలోవ్ బృందం తెచ్చిన వర్డ్‌టువెక్‌నే తీసుకోండి. మొదట్లో ఆ సంఖ్యలు ఏవో పడ్డట్టు పడ్డవే. ఒక్కో పదానికి రెండు వెక్టర్లుంటాయి: తను మధ్యలో ఉన్నప్పుడు ఒకటి, ఇంకో పదానికి పొరుగున ఉన్నప్పుడు ఒకటి. ‘వేడి కాఫీ తాగాడు’ అన్న మాటలు ఎదురైతే, ‘కాఫీ’ని ‘వేడి’, ‘తాగాడు’ల పొరుగు వెక్టర్లవైపు కొంచెం జరుపుతారు. ఎక్కడెక్కడినుంచో ఏరిన కొన్ని పదాలకు, ‘రైలు’, ‘తీర్పు’ లాంటివాటికి, కొంచెం దూరంగా నెడతారు. ఆ నెట్టడమే లేకపోతే అన్నీ ఒకేచోట కుప్పపడతాయి. లక్షల వాక్యాల మీద ఇదే పని.

గమనించండి, ఇందులో కాఫీని టీ వైపు ఎవరూ జరపలేదు. అవి రెండూ ఒక్క వాక్యంలోనైనా కలవనక్కర్లేదు. ‘వేడి’, ‘కప్పు’, ‘తాగాడు’ రెండింటినీ తమవైపు లాగాయి, అందుకే రెండూ ఇరుగుపొరుగయ్యాయి.

మంచీ చెడూ అంతే. అలవాటు, వార్త, స్నేహం, రోజులు: ఈ మాటల ముందు రెండూ ఒకేలా ఇముడుతాయి. ఏ ఖాళీలో ఏ మాట ఇముడుతుందన్నదే యంత్రం నేర్చుకున్న పాఠం. దాన్ని అది బాగానే అప్పజెప్పింది. అర్థం అడిగినట్టు ఊహించుకున్నది మనం. ఆ దగ్గరతనం ఒక్కదాన్నే కొలతగా పెట్టుకుని సినిమా సమీక్షల్లో మెచ్చుకోలునీ తిట్లనీ వేరుచెయ్యబోతే బోల్తాపడేదీ మనమే.

నా అసలు కోపం వేరే. ఆ ఇరుగుపొరుగుని ఎంచిందెవరు? ఫేస్‌బుక్ పరిశోధకులు విడుదల చేసిన ఫాస్ట్‌టెక్స్ట్ తెలుగు వెక్టర్లలో ఒక కూర్పు వికీపీడియా మీదే నేర్చుకుంది. తెలుగు వికీపీడియాలో వేలకొద్దీ ఊళ్ల పేజీలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: బడి ఉంది, రోడ్డు ఉంది, ఆసుపత్రి ఇన్ని కిలోమీటర్లు. అలాంటి పాఠంలో ‘గ్రామం’ పొరుగున జాతర, వలస, పగ ఎంత అరుదో చెప్పక్కర్లేదు. మన కథల్లో ఊరు వేరు, ఆ వెక్టర్‌లో ఊరు వేరు.

కాబట్టి జాబితా చూసి నవ్వకండి, మురిసిపోకండి. దానికేం చదివించారో అడగండి. అడిగాక, అందులో మన కథలెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.