కోయిలకుంట్ల జైలు మన జవాబుల్లోకి ఎప్పుడొస్తుంది?

ఈ వారం ప్రొద్దుటూరులో లా చదువుతున్న పిల్లలు రాసిన నమూనా జవాబులు కొన్ని దిద్దాను. ప్రశ్న చిన్నది: నిర్లక్ష్యం రుజువు కావడానికి కావలసిన అంశాలేమిటో ఒక కేసు ఆధారంగా చర్చించండి. దాదాపు అందరూ స్కాట్లండులో అల్లం బీరు సీసాలో నత్త దొరికిన డొనహ్యూ కేసు దగ్గర మొదలుపెట్టి, దానికే రెండు పేజీలు ఖర్చు చేశారు. మిగిలిన డ్యూటీ, బ్రీచ్, కాజేషన్, రిమోట్‌నెస్ నాలుగు నిర్వచనాలై వరుసగా నిలబడ్డాయి తప్ప ఒకదాన్నుంచి ఒకటి పుట్టలేదు. జమ్మలమడుగులో రైలెక్కితే నంద్యాల దారిలోనే వచ్చే కోయిలకుంట్ల పేరు ఒక్క కాగితంలోనూ లేదు. నాకు కోపం వచ్చింది అందుకే.

కోయిలకుంట్ల జైలు కేసు మన పెద్దవాళ్లకు తెలిసిందే. 1977 ఏప్రిల్‌లో అవుకు పోలీస్ స్టేషన్ కేసులో చల్లా చిన్నప్పరెడ్డినీ ఆయన కొడుకు రామకృష్ణారెడ్డినీ అరెస్టు చేసి కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఏడో నంబరు గదిలో పెట్టారు. తమ ప్రాణాలకు ముప్పుందని, కాపలా పెంచమని అధికారులకు ముందే చెప్పుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. మే 5 అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో కొందరు జైలు ఆవరణలోకి చొరబడి ఆ గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి కర్నూలు ఆస్పత్రిలో చనిపోయాడు, కొడుకు గాయాలతో బయటపడ్డాడు. కుటుంబం రూ.10 లక్షలకు ప్రభుత్వం మీద దావా వేసింది.

ఇప్పుడు జవాబు రాద్దాం. మొదటి మెట్టు డ్యూటీ. జైల్లో ఉన్న మనిషి తలుపు తానే గడియ పెట్టుకోలేడు, తన మనుషుల్ని కాపలా పెట్టుకోలేడు, ఊరొదిలి పోలేడు. అతని రక్షణ మొత్తం తాళం చేతిలో ఉన్నవాడిదే. ఈ సంబంధంలో బాధ్యత ఉందని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది కాబట్టి ఇక్కడ నత్త కథ అక్కర్లేదు, ఒక పేరా చాలు. ఈ మెట్టుకు ఒక ఉపయోగం మాత్రం ఉంది. చనిపోయినాయనకు అప్పిచ్చిన ప్రొద్దుటూరు బంగారు వ్యాపారి ఎవరైనా తన బాకీ మునిగిందని జైలు మీద దావా వేస్తే, అతని కథ ఇక్కడే ముగుస్తుంది. జైలరుకు ఖైదీ పట్ల బాధ్యత ఉంది గానీ ఖైదీకి అప్పిచ్చినవాడి డబ్బు పట్ల లేదు. ఈ మాట రిమోట్‌నెస్ దాకా ఈడ్చుకెళ్లి రాసేవాళ్లు వరుసెందుకో అర్థం చేసుకోనట్టే.

రెండోది బ్రీచ్. జాగ్రత్తగల జైలు అధికారి ఆ పరిస్థితిలో ఏం చేసేవాడు? 'ఆ పరిస్థితిలో' అన్నదే ఇక్కడ కీలకం. ఏ హెచ్చరికా లేని మామూలు రాత్రికి మామూలు కాపలా సరిపోవచ్చు. చంపుతారని ఖైదీలే చెప్పుకున్నాక అదే కాపలా సరిపోదు. ముప్పు ఎంత దగ్గరగా కనిపిస్తే జాగ్రత్త అంత పెరగాలి.

మూడోది కాజేషన్. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కాపలా సరిగా ఉంటే ఇది జరిగేదా? ఈ ప్రశ్నకు 'జరిగేది కాదు' అని రాసి ముందుకు పోకూడదు. లండన్‌లో ఆర్సెనిక్ కలిసిన టీ తాగి ఆస్పత్రికొచ్చిన వాచ్‌మన్‌ను డాక్టరు చూడకుండానే పంపేశాడు. అది తప్పేనని బార్నెట్ కేసులో కోర్టు ఒప్పుకుంది, అయినా దావా కొట్టేసింది. చూసినా బతికేవాడు కాదని తేలడమే కారణం. కాబట్టి కాపలా ఉంటే చొరబాటు ఎక్కడ ఆగేదో, ఎవరు అడ్డుకునేవారో చూపించాలి. పూర్తి ఖాయంగా చూపించనక్కర్లేదు, ఆగి ఉండేదన్న వైపు మొగ్గు ఉంటే చాలు.

పులివెందుల నుంచి వచ్చే ఒకమ్మాయి ఇక్కడే నన్నడిగింది: "సార్, బాంబులేసినోళ్లు వేరే కదా, గవర్నమెంటుకేం సంబంధం?" అడగాల్సిన ప్రశ్న అదే. మధ్యలో మూడో మనిషి కావాలని చేసిన నేరం సాధారణంగా గొలుసును తెంపుతుంది. ఏ ముప్పు నుంచి కాపాడడానికి ఆ బాధ్యత ఉందో ఆ ముప్పే వచ్చి మీద పడితే మాత్రం తెంపదు. ఖైదీలు చెప్పుకున్నది దాడి జరుగుతుందని, జరిగింది దాడి. ఇంగ్లండులో 1970లో డోర్సెట్ యాట్ కేసులో, కాపలా అధికారులు నిద్రపోతే పారిపోయిన కుర్రాళ్లు పడవను పాడుచేసినప్పుడు కూడా, ఇది మూడోవాళ్లు చేసిన పని అన్న వాదన ప్రభుత్వాన్ని కాపాడలేదు.

నాలుగోది రిమోట్‌నెస్. 1961 నాటి వ్యాగన్ మౌండ్ తీర్పు తర్వాత అడగాల్సింది ఒకటే: ఈ రకం నష్టం ముందే ఊహించదగినదా? రకం అన్నాను, పద్ధతి అనలేదు. వేటకొడవళ్లతో వస్తారనుకుంటే బాంబులతో వచ్చారన్న వాదన చెల్లదు. భయపడ్డ నష్టం ప్రాణహాని, కలిగిందీ ప్రాణహానే.

చూశారా, ఖైదీలు ముందే చేసిన ఆ హెచ్చరిక మూడు చోట్ల పనిచేసింది. బ్రీచ్‌లో జాగ్రత్త స్థాయిని పెంచింది, కాజేషన్‌లో గొలుసును కాపాడింది, రిమోట్‌నెస్‌లో నష్టాన్ని దగ్గరికి తెచ్చింది. మనవాళ్లు దాన్ని మొదటి పేరాలో 'వాస్తవాలు' అన్న శీర్షిక కింద పెట్టేసి మళ్లీ ముట్టుకోరు. మార్కులు పోయేది అక్కడే. ఈ అలవాటు బజారు గైడ్ల చలవ. వాటిలో వాస్తవాలకొక పేరా, సూత్రానికొక పేరా, ఆ రెండూ ఎక్కడా కలవవు.

అన్నిటికీ చివర డిఫెన్స్. జైలు నడపడం సార్వభౌమ విధి కాబట్టి ప్రభుత్వాన్ని నష్టపరిహారం అడగకూడదని, గడువు కూడా దాటిందని సర్కారు వాదించింది. కింది కోర్టు దావా కొట్టేసింది. హైకోర్టు రూ.1,44,000 ఇవ్వమంది, 6 శాతం వడ్డీతో. 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. జైల్లో ఉన్నా 21వ అధికరణం ఇచ్చిన ప్రాణహక్కు పోదని, దాని ముందు 1964 నాటి కస్తూరిలాల్ తీర్పు నిలవదని చెప్పింది. కొందరు ఈ డిఫెన్స్‌తోనే జవాబు మొదలుపెడతారు. తప్పు జరిగిందో లేదో తేల్చకుండా మినహాయింపు గురించి మాట్లాడటం తిరగబడ్డ తర్కం.

తప్పు విద్యార్థులది మాత్రమే కాదు. బాంబు పడిన 23 ఏళ్లకు గానీ ఆ లక్షా నలభై నాలుగు వేల సంగతి తేలలేదు. సర్కారు ఉద్యోగులు పౌరుడికి చేసిన హానికి సర్కారు ఎంతవరకు బాధ్యత వహించాలో చట్టం చేయమని లా కమిషన్ తన మొట్టమొదటి నివేదికలోనే, 1956లో చెప్పింది. అరవయ్యో దశకంలో పార్లమెంటులో పెట్టిన బిల్లులు మురిగిపోయాయి. ఆ చట్టం ఇప్పటికీ లేదు. అందుకే ప్రతి కుటుంబమూ ఆ సార్వభౌమ వాదనను మళ్లీ మొదటి నుంచి ఎదుర్కోవలసి వస్తోంది. ఇది ఏ పార్టీ పట్టించుకోని అన్యాయం.

పరీక్షకు పోయే పిల్లలకు నా మాట ఇది. డ్యూటీ ఒక పేరాలో ముగించండి. సగం కాగితం బ్రీచ్‌కూ కాజేషన్‌కూ ఇవ్వండి. ప్రతి మెట్టు దగ్గరా వాస్తవం ఒకటి పేరు పెట్టి పిలవండి. ఒక మెట్టు తేలకుండా తర్వాతి మెట్టు ఎక్కకండి. కోయిలకుంట్ల తీర్పు తెప్పించుకుని మొదటి నుంచి చివరి దాకా చదవండి. మన నేల మీద నెత్తురు చిందిన కేసు మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

(రచయిత ప్రొద్దుటూరులో న్యాయవాది)