సిగ్నల్ పోయిందా, నంబరే పోయిందా?

2024 జనవరి 9 సాయంత్రం అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి చెందిన ఎక్స్ ఖాతాలో ఒక ప్రకటన వెలువడింది. బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు అనుమతి ఇచ్చేశామన్నది దాని సారాంశం. బిట్‌కాయిన్ ధర చూస్తుండగానే వెయ్యి డాలర్లకు పైగా ఎగబాకింది. అది తమ ప్రకటన కాదని, ఖాతా ఎవరి చేతిలోనో పడిందని సంస్థ చైర్మన్ వెల్లడించాక రెండు వేల డాలర్లకు పైగా పడిపోయింది. అంత పెద్ద సంస్థలోకి చొరబడినవాళ్లు ఏ కంప్యూటర్‌నూ ఛేదించలేదు. ఒక సిమ్ కార్డు సంపాదించారంతే.

దర్యాప్తులో తేలిన క్రమం ఇది. అలబామా రాష్ట్రానికి చెందిన ఒక యువకుడికి ముఠా సభ్యులు ఒక పేరు, ఒక గుర్తింపు కార్డు నమూనా పంపారు. ఎస్‌ఈసీ ఖాతాకు జోడించిన ఫోన్ నంబరు ఆ పేరు గల వ్యక్తిది. యువకుడు తన ప్రింటర్‌పై నకిలీ కార్డు అచ్చువేసుకుని హంట్స్‌విల్‌లోని ఒక మొబైల్ కంపెనీ దుకాణానికి వెళ్లాడు. తాను ఎఫ్‌బీఐ ఉద్యోగినని, ఫోన్ పగిలిపోయిందని, కొత్త సిమ్ కావాలని అడిగాడు. కౌంటర్‌లో ఉన్న మనిషి నమ్మి సిమ్ ఇచ్చాడు. యువకుడు మరో దుకాణంలో ఐఫోన్ కొని, సిమ్ వేసి, వచ్చిన కోడ్‌లను ముఠాకు అందించాడు. ఆనక బర్మింగ్‌హామ్ వెళ్లి ఆ ఫోన్‌ను తిరిగిచ్చేసి డబ్బు వెనక్కి తీసుకున్నాడు. ఆ ఎక్స్ ఖాతాకు ఉండాల్సిన రెండో అంచె తనిఖీని అంతకు ఆరు నెలల క్రితమే ఎస్‌ఈసీ సిబ్బంది ఏదో ఇబ్బంది వచ్చిందని తీయించేశారు. దాంతో నంబరు చేతికొస్తే చాలు, పాస్‌వర్డ్ మార్చేయవచ్చు. 2025 మేలో కోర్టు ఆ యువకుడికి 14 నెలల జైలుశిక్ష విధించింది.

మన నంబరు సిమ్ కార్డులో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కంపెనీ డేటాబేస్‌లోని ఒక వరుసలో ఉంటుంది. ఫలానా నంబరుకు వచ్చే కాల్స్, మెసేజ్‌లు ఫలానా సిమ్‌కు పంపాలని ఆ వరుస చెబుతుంది. సిమ్ పోయిందనో పాడైందనో ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటే ఆ వరుసలో పాత సిమ్ గుర్తింపు తీసేసి కొత్తది రాస్తారు. ఆ క్షణం నుంచి పాత సిమ్ మూగబోతుంది. పొలం అక్కడే ఉండగా రెవెన్యూ రికార్డులో పట్టాదారు పేరు మారిపోవడం లాంటిదే ఇదీ. అందుకే మంచి ఫోన్ కొన్నా, యాంటీవైరస్ వేసుకున్నా, సిమ్‌కు పిన్ పెట్టుకున్నా ఈ దాడి ఆగదు. సిమ్ పిన్ ఫోన్ దొంగతనానికి గురైనప్పుడు ఉపయోగపడుతుంది. ఇక్కడ దొంగ మన సిమ్‌ను ముట్టుకోనే ముట్టుకోడు.

మన దేశంలో ఈ మార్పిడిని కొన్నిసార్లు బాధితుడి చేతే చేయిస్తారు. కంపెనీ నుంచి మాట్లాడుతున్నామని, సిమ్ అప్‌గ్రేడ్ చేయకపోతే సేవలు ఆగిపోతాయని ఫోన్ వస్తుంది. 20 అంకెల సంఖ్య ఒకటి చెప్పి, దాన్ని కస్టమర్ కేర్‌కు మెసేజ్ పెట్టమంటారు. ఆ సంఖ్య దొంగ దగ్గరున్న ఖాళీ సిమ్ వెనుక అచ్చయినదే. నిర్ధారణ కోసం వచ్చే కాల్‌లో 1 నొక్కగానే పని పూర్తవుతుంది. ఈ-సిమ్ వచ్చాక ప్లాస్టిక్ ముక్క అవసరమూ తప్పింది. మన నంబరుకు దొంగ ఈమెయిల్‌ను జోడింపజేస్తే చాలు, ఈ-సిమ్ క్యూఆర్ కోడ్ నేరుగా అతనికే చేరుతుంది. ఇలాంటి మోసాల గురించి సైబరాబాద్ పోలీసులు 2020లోనే హెచ్చరించారు.

దీనికి మన దేశంలో ఒక మంచి అడ్డుకట్ట ఉంది. సిమ్ మార్చిన తర్వాత 24 గంటల పాటు ఆ నంబరుకు మెసేజ్‌ల రాకపోకలు నిలిపివేయాలని 2022 నవంబరులో టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ నిబంధన ప్రకారం సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా నంబరును వేరే కంపెనీకి పోర్ట్ చేయడానికీ వీల్లేదు. కాబట్టి దొంగ చేతికి నంబరు వెళ్లినా బ్యాంకు ఓటీపీ మెసేజ్ వెంటనే వెళ్లకూడదు. ఆ ఒక్క రోజే మనకు దక్కిన గడువు. అయితే నిలిచేది మెసేజ్‌లే, కాల్స్ కాదు. వాట్సాప్ వంటివి ధ్రువీకరణ కోడ్‌ను కాల్ ద్వారా కూడా చదివి వినిపిస్తాయి. బ్యాంకు డబ్బు కంటే ముందు వాట్సాప్ పోయే అవకాశం అక్కడే ఉంది.

కాబట్టి గడువు లోపల గుర్తించడమే కీలకం. పక్కవాళ్లకు అదే కంపెనీ సిగ్నల్ ఉండి మన ఫోన్‌లో మాత్రం పోయి, ఆపి ఆన్ చేసినా రాకపోతే టవర్ సమస్య అనుకుని ఊరుకోవద్దు. మరో ఫోన్‌తో మన నంబరుకు చేసి చూడాలి. అది రింగై, ఎవరో ఎత్తితే ఇక సందేహం అక్కర్లేదు. మనం అడగకుండానే సిమ్ మార్పిడి అభ్యర్థన అందిందని మెసేజ్ వస్తే అదీ ప్రమాద సూచికే. రాత్రిపూట వరసగా మిస్డ్ కాల్స్ రావడం కూడా అంతే. విసుగొచ్చి మనం ఫోన్ ఆపేస్తే వాళ్లకు కావలసింది దొరికినట్టే. 2018 డిసెంబరు చివర్లో ముంబై వ్యాపారి ఒకరికి రాత్రి ఆరు మిస్డ్ కాల్స్ వచ్చాయి. తెల్లారేసరికి ఆయన కంపెనీ ఖాతా నుంచి 28 లావాదేవీల్లో 1.86 కోట్ల రూపాయలు వెళ్లిపోయాయి. ఇంట్లో వైఫై మరో చిక్కు. సిమ్ చచ్చిపోయినా వీడియోలు, బ్రౌజింగ్ యథాతథంగా నడుస్తుంటాయి కాబట్టి గంటల తరబడి తెలియదు. ఇండియా సిమ్‌ను సొరుగులో పెట్టుకుని అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మనవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. వాళ్లు నెలకోసారి కూడా ఆ సిగ్నల్ చూడరు. బ్యాంకు అలర్ట్‌లు ఈమెయిల్‌కు కూడా వచ్చేలా పెట్టుకోవడం వాళ్లకు తప్పనిసరి, మిగతావాళ్లకు మంచిది.

ముందుజాగ్రత్త విషయంలో నా అభిప్రాయం స్పష్టం. నంబరును కాపాడటం పూర్తిగా మన చేతిలో లేదు. అది ఎక్కడో కౌంటర్‌లో కూర్చున్న మనిషి నిర్ణయం. మన చేతిలో ఉన్నది ఆ నంబరుతో తెరుచుకునే తలుపులను తగ్గించడం. అన్నింటికంటే ముందు ఈమెయిల్. మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లన్నీ దాని ద్వారానే మార్చుకోవచ్చు కాబట్టి అందులో మెసేజ్ ఓటీపీకి బదులు అథెంటికేటర్ యాప్‌నో పాస్‌కీనో పెట్టుకుని, బ్యాకప్ కోడ్‌లు కాగితంపై రాసుకుని, రికవరీ కోసం ఇచ్చిన ఫోన్ నంబరును తీసేయాలి. తర్వాత వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్. నంబరు పోయినా ఆ ఆరంకెల పిన్ తెలియకుండా ఖాతా వెంటనే తెరుచుకోదు. డెబిట్ కార్డు వివరాలు ఎవరికీ చిక్కనివ్వకపోవడమూ ఇందులో భాగమే. నంబరుతో పాటు కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ దొరికితే కొత్త యూపీఐ పిన్ పెట్టుకోవచ్చు. బ్యాంకులు మెసేజ్ ఓటీపీ మీదే ఆధారపడకుండా ఇతర పద్ధతులకూ దారి చూపుతూ రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశాలిచ్చింది. మెసేజ్ ఓటీపీని మాత్రం నిషేధించలేదు. నిషేధించి ఉండాల్సిందనే నా వాదన.

నంబరు పోయిందని తెలిసిన వెంటనే మరో ఫోన్ నుంచి టెలికాం కంపెనీకి చెప్పి కొత్త సిమ్‌ను ఆపించాలి. ఆ తర్వాత బ్యాంకుకు చెప్పి ఖాతా స్తంభింపజేయాలి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయాలి. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా జరిగిన మోసాన్ని బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండకూడదని 2017 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ చెప్పింది. మనమే ఓటీపీ చెప్పి ఉంటే ఈ రక్షణ వర్తించదు. నంబరు తిరిగొచ్చాక ఈమెయిల్‌లో రికవరీ వివరాలు, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసుకోవాలి. దొంగ వెళ్తూ వెళ్తూ తన ఈమెయిల్‌ను అక్కడ వదిలి వెళ్లి ఉండొచ్చు. సిమ్‌ను ఏ దుకాణంలో, ఏ సమయానికి, ఏ గుర్తింపు పత్రంపై ఇచ్చారో టెలికాం కంపెనీని రాతపూర్వకంగా అడగాలి. ఐటీ చట్టం కింద 5 కోట్ల రూపాయల దాకా పరిహారం కోరే దరఖాస్తును ప్రతి రాష్ట్రంలోనూ ఐటీ శాఖ కార్యదర్శే విచారిస్తారు. అక్కడ కంపెనీ బాధ్యతను నిలదీయడానికి ఆ కాగితమే ఆధారం.