గది ఖాళీ చేసే ముందు కలం పట్టండి

ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదివే తమ్ముళ్లారా, కృష్ణపట్నం వైపు కొలువులకొచ్చి అద్దె గదుల్లో ఉండే చెల్లెళ్లారా! ఖాళీ చేసేటప్పుడు బకెట్టు, చాప సర్దుకుని పోతున్నారు. ఆ గది గురించి మీకు తెలిసిందంతా మీతోనే పోతోంది. తర్వాత దిగే కుర్రాడు మళ్లీ అదే ఉప్పునీళ్లు, అదే అడ్వాన్సు గొడవ పడుతున్నాడు. అతని కోసం ఒక కాగితం రాసి జూనియర్ల చేతిలో పెట్టండి.

నీళ్లతో మొదలుపెట్టండి. ‘నీళ్లు బాలేవు’ అంటే చాలదు. మన తీరంలో ఒక బోరు తియ్యగా ఉంటే పక్క వీధిది ఉప్పగా ఉండొచ్చు. సబ్బు నురగ వస్తోందా, కందిపప్పు ఉడుకుతోందా, కుళాయి మూతికి తెల్లటి పొర కట్టిందా చూసి రాయండి. టీడీఎస్ మీటరు దొరికితే అంకె కూడా వేయండి. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని భారత ప్రమాణం. వేరే దారి లేనిచోట 2,000 దాకా ఒప్పుకుంటుంది. మీటరు క్రిములను పట్టుకోలేదు, అది గుర్తుంచుకోండి. ఏ నెలలో చూశారో తప్పక రాయండి, మే నీళ్లూ డిసెంబరు నీళ్లూ ఒకటి కావు.

భద్రతంటే గొళ్లెం ఒక్కటే కాదు. మారుతాళం ఎవరి దగ్గరుంది, రాత్రి షిఫ్టు నుంచి వస్తే మెట్ల దగ్గర లైటు వెలుగుతుందా? 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరులో ఇళ్లు మునిగాయి. అందుకే కింది గదైతే వానాకాలంలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఇరుగుపొరుగును అడిగి, విన్నమాట అని చెప్పే రాయండి.

ఓనరు సంగతికొస్తే, ఆయన ఇంటి గొడవలు మనకొద్దు. కులం అడిగాడా, నీచు వండనిచ్చాడా (చేపల పులుసు సీమలో ఇదీ ఒక ప్రశ్నే!), మోటారు చెడితే ఎన్నాళ్లకు బాగుచేయించాడు, ఇవి చాలు. మంచి చేస్తే అదీ రాయండి.

అసలు పేచీ అడ్వాన్సు దగ్గర. ‘ఓనరు మోసగాడు’ అని రాస్తే తగాదా మీ మెడకు చుట్టుకుంటుంది. ఇలా రాయండి: ‘ఇచ్చింది 8,000. సున్నానికని 1,500, కరెంటుకని 600 పట్టుకున్నారు. 5,900 నలభై రోజులకు ఇచ్చారు. సున్నం సంగతి చేరేటప్పుడు చెప్పలేదు. కరెంటు బిల్లు చూపించారు, సున్నానిది చూపించలేదు.’ తీర్పు చదివేవాడే చెప్పుకుంటాడు. ఇలా రాయాలంటే చేరిన రోజే గోడల ఫొటోలు తీసి, డబ్బు ఫోన్‌పేలో పంపి, రసీదు దాచాలి. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దంది. నమూనా గనుక రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అది అమలవుతుంది. మీ చేతిలో ఉన్న బలం మాత్రం కాగితమే.

గొడవపడిన రాత్రి రాయకండి. లెక్క తేలాక, తేదీ వేసి రాయండి. ఈ నెల ఖాళీ చేసేవాళ్లతోనే మొదలుకావాలి.