ఆ శుక్రవారం ఎక్కడికి పోయింది?

మొన్న వేసవిలో ఒక స్టార్టప్‌లో ఇంటర్న్‌గా చేరాను. మొదటి రోజు ఫౌండర్ గారు కొత్తవాళ్లందరినీ కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడారు. "రోజుకి ఒక్క శాతం మెరుగైతే చాలు, ఏడాదిలో 37 రెట్లు ఎదుగుతారు" అంటూ బోర్డు మీద 1.01^365 వేశారు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నేర్చుకోవడానికే అన్నారు. తప్పులు చేయండి, భయపడొద్దు అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కాస్త గట్టిగానే కొట్టా.

లెక్క నిజమే, దాదాపు 37.8 వస్తుంది. కానీ అది చక్రవడ్డీ లెక్క. ఇవాళ నేర్చుకున్నది రేపటి పనిలో కలిస్తేనే అంత పెరుగుతుంది. కలవకపోతే అది మామూలు వడ్డీ, ఏడాదికి 4.65 రెట్లే. అంటే అసలు సంగతి ఆ ఒక్క శాతంలో లేదు, కలవడానికి టైం ఉందా లేదా అన్నదాంట్లో ఉంది.

మా స్ప్రింట్ రెండు వారాలు, అంటే 80 గంటలు. రెండు శుక్రవారాల మధ్యాహ్నాలు తీసేస్తే 72 గంటల పనే ఇవ్వాలి. నా టికెట్లు కూడి చూస్తే సరిగ్గా 80 వచ్చాయి. ఫౌండర్ గారు అబద్ధం చెప్పలేదు. కానీ టికెట్లు పంచేది ఆయన కాదు, డెలివరీ తేదీ మెడ మీద ఉన్న మేనేజర్. చివరికి నా నేర్చుకోవడం శనివారం రాత్రి హాస్టల్‌కి మారింది.

మూడో వారంలో టెస్ట్ డేటాబేస్‌లో ఒక్క వరుస తీసేయబోయి ఇది కొట్టాను:

```sql
DELETE FROM users;
```

`WHERE` మర్చిపోయా. టేబుల్ మొత్తం ఖాళీ. గ్రూపులో వచ్చిన మొదటి మెసేజ్ "ఎవరు చేశారు?" అని. ముందు `BEGIN` పెట్టి, ఎన్ని వరుసలు పోయాయో చూసి, తేడా ఉంటే `ROLLBACK` చేయొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంటర్న్‌కి ఆ టేబుల్ మీద డిలీట్ పర్మిషన్ ఎందుకుందని కూడా ఎవరూ అడగలేదు. పర్మిషన్ అలాగే ఉంది. మారింది నేనే, డౌట్లు అడగడం మానేశా.

ఎట్సీ కంపెనీలో పనిచేసిన జాన్ ఆల్‌స్పా 2012లోనే దీని గురించి రాశారు. తప్పు చేసినవాణ్ణి శిక్షిస్తే మిగతావాళ్లు వివరాలు దాచేస్తారు, అదే తప్పు మళ్లీ జరుగుతుంది అన్నది ఆయన వాదన. నా విషయంలో అక్షరాలా అదే జరిగింది.

ప్లేస్‌మెంట్ల సీజన్ వస్తోంది. ఇంటర్వ్యూ చివర్లో "ఏమైనా ప్రశ్నలున్నాయా?" అంటే మనం తల అడ్డంగా ఊపేస్తాం. ఈసారి రెండు అడుగుదాం. పోయిన స్ప్రింట్‌లో నేర్చుకోవడానికి ఎన్ని గంటలు వదిలారు? ఈమధ్య జరిగిన ఒక తప్పు తర్వాత మీ సిస్టంలో ఏం మార్చారు? స్పీచ్ ఎవరైనా ఇస్తారు. ఈ రెండింటికి తడుముకోకుండా జవాబొస్తే, అప్పుడు నేను మళ్లీ చప్పట్లు కొడతా.