మన గ్రూపులో బెట్టింగ్ లింకులు ఇక చాలు



వేమూరు, కొల్లూరు, భట్టిప్రోలు నుంచి వచ్చిన మనం ఈ గ్రూపు పెట్టుకున్నది మెస్ బిల్లు, పరీక్ష తేదీలు, రేపల్లె ప్యాసింజర్ ఆలస్యం చెప్పుకోవడానికి. ఐపీఎల్ మొదలయ్యాక ఇందులో బెట్టింగ్ లింకులు పడ్డాయి. అడ్మిన్లం చూసి ఊరుకున్నాం. గెలిచిన స్క్రీన్‌షాట్‌కు అందరం చప్పట్ల బొమ్మలు పెట్టాం. ఓడిన స్క్రీన్‌షాట్ ఒక్కటీ గ్రూపులోకి రాలేదు, రాదు కూడా. ఫస్టియర్ తమ్ముడొకడు "నిజంగా డబ్బులొస్తాయా అన్నా?" అని అడిగితే మనలో ఎవరూ వద్దని చెప్పలేదు. జవాబుగా ఇంకో లింకు వెళ్లింది.

ఆ లింకు చివర ఉండే కోడ్ మనదే. వాడు చేరి డబ్బు కడితే మనకు బోనస్ వస్తుంది. కొన్ని యాప్‌లయితే వాడు పోగొట్టుకున్నదాంట్లో శాతం లెక్కన ఇస్తాయి. అంటే తమ్ముడు ఓడితేనే మనకు నాలుగు రూపాయలు.

వాడికి వచ్చే బోనస్ సంగతీ చూడండి. 500 కడితే ఇంకో 500 ఇస్తారు. దాన్ని బయటికి తీయాలంటే మొత్తానికి ఇన్ని రెట్లు పందెం కాయాలని షరతు ఉంటుంది. 20 రెట్లు అనుకుంటే 20,000 రూపాయల పందేలు కాయాలి. రెండు జట్లకూ 1.90 రేటు ఉన్నప్పుడు చెరో వంద పెడితే గెలిచినవైపు 190 వస్తుంది. 200కు 10 పోయినట్టే, అంటే నూటికి ఐదు. 20,000 మీద అది 1,000. సగటున వాడు కట్టిందీ, బోనసూ రెండూ ఆ షరతులోనే కరిగిపోతాయి. మధ్యలో గెలిచిన రోజు ఉంటుంది, మనకు స్క్రీన్‌షాట్ వచ్చేది ఆ రోజే.

చట్టం తెలియదనడానికీ లేదు. మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నేరం చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రచారానికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పెట్టింది. అదే ఏడాది హైదరాబాద్‌లో ఈ యాప్‌లకు ప్రచారం చేసిన వాళ్ల మీద పోలీసులు కేసులు పెట్టారు. వార్త చదివి, వాళ్లను తిట్టి, మళ్లీ మన లింకు మనం పంపుకున్నాం.

ఈ రాత్రే ఎవరి లింకు వాళ్లు తీసేయండి. అడ్మిన్లం ఇకపై కనబడిన వెంటనే తీసేస్తాం. తీసేస్తే సరిపోదు, మీ కోడ్‌తో చేరినవాళ్లకు మీరే విడిగా ఫోన్ చేసి ఇంక డబ్బు కట్టొద్దని చెప్పండి. కట్టమన్న యూపీఐ ఐడీ ఎవరో మనిషి పేరున ఉండి, ప్రతిసారీ మారుతుంటే అది అద్దెకు తెచ్చుకున్న ఖాతా అయి ఉండొచ్చు. కమీషన్ అలాంటి ఖాతా నుంచి వస్తే మన బ్యాంకు ఖాతా కూడా స్తంభించే ప్రమాదం ఉంది. మోసపోయామని తేలితే ఆ ఐడీ, లావాదేవీ నంబరు దాచుకుని ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో చెప్పడానికి భయపడుతున్న తమ్ముళ్లు ముందు మా గదికి రండి, ఫోన్ పక్కనే కూర్చుంటాం.